మాటల సందులో చూపు

(కళ్లు కనిపించని ప్రేక్షకుల కోసం దృశ్య వర్ణన రాసే పద్ధతి)

తమ్ముళ్లారా,

మన తూంకుంట హాస్టల్లో నేను చదువుకునే రోజుల్లో ఆదివారం సాయంత్రం అందరం టీవీ గదిలో కూర్చునేవాళ్లం. నా పక్కన ఒక మిత్రుడు కూర్చునేవాడు. అతనికి పుట్టుకతోనే చూపు లేదు. సినిమాలంటే మాత్రం ప్రాణం. గొంతు విని నటుడి పేరు చెప్పేవాడు. కానీ ఏదో ఒక చోట గది అంతా ఒక్కసారి గొల్లుమనేది. "ఏమైందిరా?" అని నా మోచెయ్యి పట్టుకునేవాడు. నేను చెప్పడం మొదలుపెట్టేసరికి తెర మీద వాళ్లు మళ్లీ మాట్లాడేవాళ్లు. నేను చెప్పింది సగమే వినిపించేది, వాళ్ల మాటలూ సగమే వినిపించేవి. రెండూ పోయేవి. "ఇక నువ్వు ఊరుకో, నేనే ఊహించుకుంటా" అనేవాడు. ఆ మాట నాకు చాలాకాలం గుచ్చుకుంది.

నేను చేసిన తప్పు ఏమిటో తర్వాత చాలా ఏళ్లకు తెలిసింది. చెప్పాలన్న మనసు నాకు ఉంది. ఎప్పుడు చెప్పాలో, ఎంత చెప్పాలో, దేన్ని వదిలెయ్యాలో తెలియలేదు. దానికి ఒక పద్ధతి ఉంది. ఇంగ్లీషులో దాన్ని ఆడియో డిస్క్రిప్షన్ అంటారు. ఈ వ్యాసంలో మనం దృశ్య వర్ణన అందాం. ఆ వర్ణన వాక్యాన్ని రెండు సంభాషణల మధ్య ఉన్న సందులో ఎలా పట్టించాలన్నదే ఈ పాఠం.

సంజయుడికి లేని చిక్కు

కురుక్షేత్ర యుద్ధాన్ని ధృతరాష్ట్రుడికి సంజయుడు చెప్పిన కథ మనందరికీ తెలుసు. కానీ సంజయుడికి ఒక వెసులుబాటు ఉంది. అక్కడి మాటలు కూడా ఆయనే చెప్పాలి, కాబట్టి ఎంతసేపు కావాలంటే అంతసేపు చెప్పవచ్చు. సినిమాకు వర్ణన రాసేవాడి పరిస్థితి అది కాదు. సంభాషణను ప్రేక్షకుడు తన చెవులతోనే వింటాడు. దాని మీద మనం మాట్లాడకూడదు. ఒకరి మాట ముగిసి ఇంకొకరి మాట మొదలయ్యే లోపు మూడు సెకన్లు దొరికితే మనకు ఉన్నది ఆ మూడే.

ఈ పద్ధతి మొదట నాటకరంగంలో కుదురుకుంది. అమెరికాలోని వాషింగ్టన్ నగరంలో 1981లో అరీనా స్టేజ్ అనే నాటకశాలలో ఫాన్‌స్టీల్ దంపతులు చూపులేని ప్రేక్షకుల కోసం వర్ణన మొదలుపెట్టారు. తర్వాత అది టీవీకి, సినిమాకు వచ్చింది. మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 42వ సెక్షన్ ఎలక్ట్రానిక్ మాధ్యమాల్లో దృశ్య వర్ణన ఉండేలా ప్రభుత్వం చర్యలు తీసుకోవాలని చెప్పింది. 2023 జనవరిలో 'పఠాన్' సినిమా విషయంలో ఢిల్లీ హైకోర్టు, ఓటీటీలో విడుదలయ్యే నాటికి దృశ్య వర్ణన తయారుచేయాలని నిర్మాతలను ఆదేశించింది. 2024 మార్చిలో కేంద్ర సమాచార ప్రసార శాఖ సినిమా హాళ్ల కోసం మార్గదర్శకాలు ఇచ్చింది. అంటే తెలుగులో కూడా ఈ వాక్యాలు రాసేవాళ్లు కావాలి. ఇంగ్లీషు వర్ణనను అనువాదం చేస్తే పని జరగదు. తెలుగు వాక్యం నడక వేరు, అది పట్టే సమయం వేరు.

సందును కొలవడం

ముందుగా కావలసినవి ఒక నోటుబుక్కు, సమయం చూపించే వీడియో ప్లేయరు, సెల్‌ఫోనులోని స్టాప్‌వాచీ. నోటుబుక్కులో నాలుగు గడులు గీసుకోండి. మొదటి గడిలో సందుకు ముందు వినిపించే ఆఖరి మాట, రెండో గడిలో సందు మొదలయ్యే, ముగిసే సమయాలు, మూడో గడిలో ఆ సమయంలో తెర మీద కనిపించేది, నాలుగో గడిలో మన వాక్యం రాయాలి. నాలుగో గడిని ఆఖరున నింపాలి. సందు ఎంతో తెలియకుండా వాక్యం రాస్తే దాని మీద మోజు పడతాం, తర్వాత కోయడానికి చెయ్యి రాదు.

ఇంగ్లీషువాళ్లు నిమిషానికి ఇన్ని పదాలని లెక్క వేసుకుంటారు. మనకు ఆ లెక్క కుదరదు. 'పరుగెత్తుతున్నాడు' అన్నది మనకు ఒక్క పదమే కానీ ఏడు అక్షరాలు. అందుచేత అక్షరాలు లెక్కపెట్టాలి. నింపాదిగా, స్పష్టంగా చదివితే నా గొంతుకు సెకనుకు ఐదు అక్షరాల దాకా వస్తున్నాయి. మీ గొంతుకు ఎంతో మీరే కొలుచుకోండి. 'క్యారమ్స్' లాంటి మాటల్లో చివరి పొల్లును విడిగా లెక్కపెట్టనక్కరలేదు. సందుకు ముందు అర సెకను, వెనక అర సెకను వదిలెయ్యాలి. వర్ణన సంభాషణను రాసుకుని వెళితే వినేవాడికి రెండు గొంతులు ఒకదాని మీద ఒకటి పడినట్టు ఉంటుంది. కాబట్టి నాలుగు సెకన్ల సందులో మనకు మిగిలేవి మూడు సెకన్లు, అంటే పదిహేను అక్షరాలు.

ఇక్కడ మన తెలుగు మాస్టారు చెప్పిన ఛందస్సు పనికి వస్తుంది. 'తలుపు వెనక మనిషి' అన్నదానిలో తొమ్మిది అక్షరాలు ఉన్నాయి. అన్నీ లఘువులే, తొమ్మిది మాత్రలు. 'చేతిలో పెద్ద డబ్బా' అన్నదానిలో ఏడు అక్షరాలే. కానీ గురువులు ఐదు ఉన్నాయి కాబట్టి పన్నెండు మాత్రలు. చిన్నదిగా కనిపించే రెండో వాక్యమే పలకడానికి ఎక్కువసేపు పడుతుంది. అందువల్ల అక్షరాల లెక్క ఉజ్జాయింపుకు మాత్రమే. చివరికి గట్టిగా చదివి స్టాప్‌వాచీ చూసుకోవలసిందే. మనసులో చదువుకుంటే ఎప్పుడూ తక్కువ సమయమే వస్తుంది, దాన్ని నమ్మకండి.

ఒక ఉదాహరణ

అభ్యాసం కోసం మన వార్షికోత్సవాల్లో వేసే నాటిక లాంటిది ఒకటి తీసుకుందాం. నలభై ఐదు సెకన్ల వీడియో అనుకోండి. ముందుగా వినిపించేది మాత్రం రాస్తాను. కళ్లు మూసుకుని ఎవరిచేతనైనా చదివించుకోండి.

గంట మోగుతుంది. క్యారమ్స్ కాయిన్ల చప్పుడు. కాసేపటికి ఒక పెద్దాయన గొంతు: "మా శీను ఉన్నడా బిడ్డా?" ఒక కుర్రాడు: "ఇప్పుడే ఈడ్నే ఉండె కాకా." నాలుగు సెకన్లు ఏ మాటా లేదు. పెద్దాయన: "సరే బిడ్డా, గీ డబ్బా ఆనికియ్యి." డబ్బా చప్పుడు. "బస్సుకు యాళ్లైంది, పోతున్న." కంకర మీద చెప్పు ఈడుస్తున్న చప్పుడు. పరుగు చప్పుడు. "నాయినా!" అని ఒక కేక. అంతే.

మీకు ఏం అర్థమైంది? తండ్రి వచ్చాడు, కొడుకు అప్పుడు అక్కడ లేడు, తర్వాత వచ్చి పిలిచాడు. మామూలు కథ. కానీ చూసేవాళ్లకు కనిపించేది వేరు. తండ్రి చెప్పు తెగితే తీగతో కట్టుకుని వచ్చాడు. కొడుకు స్తంభం చాటున దాక్కుని ఉన్నాడు. ఆ నాలుగు సెకన్ల మౌనంలోనే నాటిక అంతా ఉంది. దాన్ని చెప్పకపోతే చూపులేని మిత్రుడికి మనం వేరే నాటిక చూపించినట్టు.

మొదటి సందు. 0:00 నుంచి 0:12 వరకు. మొదటి మూడు సెకన్లు గంటకు వదిలేద్దాం. అది హాస్టలని ఆ గంటే చెబుతుంది. మిగిలిన తొమ్మిదిలో అంచులు పోగా ఎనిమిది సెకన్లు, నలభై అక్షరాలు. నేను రాసింది ఇది:

"వరండాలో శీను, దోస్తులు క్యారమ్స్ ఆడుతున్నారు. గేటు దగ్గర ఒకాయన, చేతిలో టిఫిన్ డబ్బా. తెగిన చెప్పుకు తీగ."

సరిగ్గా నలభై. ఇందులో రెండు సంగతులు గమనించండి. ఒకటి, శీను పేరు ముందే చెప్పాను. వీడియోలో పేరు తర్వాత వస్తుంది, కానీ ఆ పేరు రహస్యమేమీ కాదు. 'నీలం చొక్కా కుర్రాడు' అంటూ పోతే ప్రతిసారీ ఏడు అక్షరాలు ఖర్చు. రెండోది, 'శీను తండ్రి' అనకుండా 'ఒకాయన' అన్నాను. చూసేవాళ్లకు కూడా ఆయన ఎవరో అప్పటికి తెలియదు. "మా శీను ఉన్నడా" అన్నప్పుడే తెలుస్తుంది. వినేవాళ్లకు కూడా అప్పుడే తెలియాలి.

రెండో సందు. "ఈడ్నే ఉండె కాకా" తర్వాత 0:18 నుంచి 0:22 వరకు. మనకు పదిహేను అక్షరాలు. మొదట నేను రాసిన వాక్యం చూడండి:

"శీను వరండా స్తంభం వెనక నిలబడి సిగ్గుతో తండ్రిని చూస్తూ దాక్కుంటున్నాడు."

ఇరవై ఏడు అక్షరాలు. ఐదు సెకన్లు దాటుతుంది. తండ్రి తర్వాతి మాట మీద పడుతుంది. పైగా మన వాక్యంలో అసలు కబురు చివరి క్రియలో ఉంటుంది. ఇంగ్లీషులో చివర తెగితే ఎక్కువగా వివరం పోతుంది, తెలుగులో చివర తెగితే ఏం జరిగిందన్నదే పోతుంది. 'స్తంభం వెనక నిలబడి తండ్రిని చూస్తూ...' దగ్గర ఆగిపోతే దాక్కున్నాడన్న ముక్క వినేవాడికి చేరదు.

ఇక కోద్దాం. వరండా అని మొదటి సందులోనే చెప్పాం, తీసెయ్యండి. దాక్కున్నవాడు ఎవరి నుంచి దాక్కున్నాడో అప్పుడే విన్న మాట చెబుతోంది, 'తండ్రిని చూస్తూ' తీసెయ్యండి. 'సిగ్గుతో' సంగతి తర్వాత చెబుతాను, దాన్నీ తీసెయ్యండి. 'దాక్కుంటున్నాడు' అంటే ఇప్పుడే దాక్కుంటున్నట్టు. తెర మీద అతను అప్పటికే దాక్కుని కనిపిస్తాడు. మిగిలింది ఇది:

"శీను స్తంభం చాటున నక్కి ఉన్నాడు."

పన్నెండు అక్షరాలు, రెండున్నర సెకన్ల లోపే. మిగిలిన సమయం మౌనంగా ఉంటుంది. ఆ మౌనంలోనే వినేవాడికి విషయం దిగుతుంది. అతని చూపు తండ్రి చెప్పు మీద ఉందని కూడా చెప్పాలని నాకు ఆశ పుట్టింది. అది కలిపితే ఇరవై దాటింది. అందుకే తీగ సంగతిని మొదటి సందులోనే పెట్టాను. ఒక సందులో పట్టనిది అంతకుముందు సందులోనే తెర మీద కనిపిస్తుంటే అక్కడ చెప్పేయవచ్చు.

మూడో సందు. డబ్బా చేతులు మారే మూడు సెకన్లు. ఇక్కడ ఏమీ రాయలేదు. "గీ డబ్బా ఆనికియ్యి" అని ఆయనే చెప్పాడు, డబ్బా చప్పుడు కూడా వినిపించింది. సందు దొరికింది కదా అని నింపకూడదు. చెవికి తెలిసినదాన్ని మళ్లీ చెబితే వినేవాడికి విసుగు వస్తుంది.

నాలుగో సందు. 0:34 నుంచి "నాయినా!" అన్న కేక వినిపించే 0:44 వరకు పది సెకన్లు. ఎంత పెద్ద సందో అనిపిస్తుంది. కానీ మొదటి నాలుగు సెకన్లు తెగిన చెప్పు కంకర మీద ఈడ్చుకుపోయే చప్పుడు. దాన్ని మన గొంతుతో మూసెయ్యకూడదు. తీగ సంగతి ముందే చెప్పాం కాబట్టి ఆ చప్పుడు ఏమిటో వినేవాడికి తెలుసు. తర్వాతి ఆరు సెకన్లకు మొదట ఇలా రాశాను:

"శీను స్తంభం చాటు నుంచి బయటికి వచ్చి, తండ్రి వెనక పరుగెత్తుతున్నాడు."

ఇరవై ఆరు అక్షరాలు. కేకకు ముందు అంచు మిగలకుండా అతికష్టం మీద ఇరుకుతుంది. కానీ తప్పు కొలతలో మాత్రమే లేదు. పరుగు చప్పుడు ఎలాగూ వినిపిస్తుంది, కేక వినగానే పరుగెత్తింది ఎవరో కూడా తెలుస్తుంది. మన వాక్యం ఆ చప్పుడును మూసేసి, కేకలోని దెబ్బను ముందే తీసేసింది. పరుగెత్తే ముందు శీను ఒక్క క్షణం తన కాళ్ల వైపు చూసుకుంటాడు. కాళ్లకు కొత్త బూట్లు ఉన్నాయి. అది చెవికి అందదు. అదే చెప్పవలసింది. తిరిగి రాశాను:

"శీను తన కొత్త బూట్ల వంక చూసుకున్నాడు."

పదిహేను అక్షరాలు, మూడు సెకన్లు. 0:38½కు మొదలుపెడితే 0:41½కు ముగుస్తుంది. 0:42కు బూట్ల పరుగు వినిపిస్తుంది. 0:44కు కేక.

'సిగ్గుతో' ఎందుకు తీశానంటే

ఈ వాక్యాలు చదివి నా పాత మిత్రుడికే వినిపించాను. మొదటిసారి 'సిగ్గుతో' అలాగే ఉంచాను. అతను విని, "సిగ్గని నువ్వే చెబితే నాకు ఇంకేం మిగిలిందిరా?" అన్నాడు. కనిపించేది చెప్పాలి, దాని అర్థం వినేవాడికి వదలాలి. చూసేవాళ్లకు తెర మీద 'సిగ్గు' అని రాసి చూపించరు కదా. తీగ కట్టిన చెప్పు, కొత్త బూట్లు, స్తంభం, ఈ మూడూ అందితే సిగ్గును అతనే పట్టుకుంటాడు. రెండోసారి విన్నాక అతను కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఆ డబ్బాలో ఏముంటుంది?" అని అడిగాడు. చూసినవాళ్లు అడిగేదీ అదే.

ముఖంలో భావం తప్పనిసరిగా చెప్పవలసి వస్తే 'కోపంగా' అనే బదులు 'పళ్లు కొరుకుతూ' అనండి. అక్షరాలు ఎక్కువైనా అది కనిపించేది.

తెలుగు క్రియతో వచ్చే రెండు చిక్కులు

మొదటిది కాలం. సినిమా స్క్రిప్టుల్లో 'రాజు వస్తాడు, కూర్చుంటాడు' అని రాస్తారు. 'వస్తున్నాడు' కంటే ఒక అక్షరం తక్కువ కూడా. నేను మొదట అలాగే రాశాను. మిత్రుడు, "వస్తాడు అంటే ఎప్పుడొస్తాడు?" అన్నాడు. చదివేవాడికి అది ఇప్పటి పని, వినేవాడికి రాబోయే పని. అందుచేత ఒక్క అక్షరం ఎక్కువైనా సాగుతున్న పనికి 'వస్తున్నాడు', ముగిసిన పనికి 'వచ్చాడు', నిలిచి ఉన్నదానికి 'నక్కి ఉన్నాడు' వాడటమే క్షేమం. మరీ ఇరుకైతే క్రియనే వదిలెయ్యవచ్చు. 'చేతిలో టిఫిన్ డబ్బా' అంటే చాలు.

రెండోది లింగం. మన క్రియ చివరే వచ్చింది ఎవరో చెబుతుంది కాబట్టి చాలాసార్లు పేరు మళ్లీ చెప్పనక్కరలేదు. 'లేచాడు' అంటే మగవాడు. కానీ 'లేచింది' అంటే ఆడమనిషి కావచ్చు, బర్రె కావచ్చు. 'బర్రె పక్కన లక్ష్మి కూర్చుంది. లేచింది' అని రాస్తే లేచింది ఏదో వినేవాడికి తెలియదు. చూసి రాసేవాడికి ఈ తికమక తట్టదు, ఎందుకంటే అతనికి తెర కనిపిస్తూనే ఉంటుంది. అందుకే రాసినదాన్ని తెర చూడకుండా ఒకసారి వినాలి.

పాట వచ్చినప్పుడు

కె.వి.రెడ్డి గారి 'మాయాబజార్' (1957) మనమందరం చూసిందే. అందులో ఎస్.వి.రంగారావు గారి ఘటోత్కచుడు పెళ్లి విందు ఆరగించే పాటలో లడ్డూలు వాటంతట అవే నోట్లోకి ఎగిరి వస్తాయి. పిల్లలందరూ నవ్వేది అక్కడే. పాట మాటల మీద వర్ణన చెప్పకూడదు. వాద్యాలు మాత్రమే వినిపించే చోటునో, మాటలు లేని చోటునో ఎంచుకోవాలి. 'లడ్డూలు వాటంతట అవే లేచి ఘటోత్కచుడి నోట్లోకి' అంటే పంతొమ్మిది అక్షరాలు, నాలుగు సెకన్ల లోపు. ఒకసారి చెబితే సరిపోతుంది. తర్వాత ఎగిరే ప్రతి లడ్డూనూ లెక్క చెప్పనవసరం లేదు. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే ఆ చిత్రాన్ని ఎలా తీశారన్నది సినిమా అయ్యాక మాట్లాడుకోవచ్చు. కథ నడుస్తున్నప్పుడు అది కెమెరా పనితనం కాదు, ఘటోత్కచుడి మాయ.

అదే సినిమాలో ఘటోత్కచుడు శశిరేఖ రూపం ఎత్తుతాడు. తెర మీద ఉన్నది సావిత్రి గారే. అప్పుడు వర్ణనలో 'శశిరేఖ' అనాలా, 'మాయా శశిరేఖ' అనాలా? రూపం మారడం చూసేవాళ్లు ముందే చూశారు కాబట్టి 'మాయా' అన్న రెండక్షరాలు ఇక్కడ దండగ కాదు. అవి లేకపోతే వినేవాడు అసలు శశిరేఖ అనుకుని హాస్యమంతా పోగొట్టుకుంటాడు. మారడం చూపించకుండా చివర బయటపెట్టే కథ అయితే ఆ రెండక్షరాలే కథను పాడుచేస్తాయి. శీను తండ్రిని 'ఒకాయన' అనడానికీ దీనికీ సూత్రం ఒకటే. చూసేవాడి కంటే ముందు చెప్పకూడదు, అతని తర్వాతా చెప్పకూడదు.

ఒక హద్దు కూడా చెప్పాలి. కొన్ని సినిమాల్లో మాటలు ఎడతెగకుండా సాగుతాయి, సందే ఉండదు. అలాంటి చోట కొన్ని సంగతులు ఎంత నేర్పు ఉన్నా చెప్పలేం. అప్పుడు ఏది లేకపోతే కథ మారిపోతుందో దాన్ని మాత్రం దొరికిన ఒక్క సెకనులో చెప్పి మిగతాది వదులుకోవాలి. సినిమా మొదలయ్యే ముందే పాత్రల రూపురేఖలను, స్థలాన్ని క్లుప్తంగా చెప్పి పెట్టడం కూడా ఒక దారి.

అభ్యాసం

ఈసారి వార్షికోత్సవం వీడియోలో ఒక్క నిమిషం తీసుకోండి. ఒకసారి తెర తిప్పేసి విని, మీకు ఏది అర్థం కాలేదో రాసుకోండి. తర్వాత చూడండి. ఆ రెంటికీ తేడా ఏమిటో అదే మీరు రాయవలసింది. సందులు కొలవండి, అక్షరాలు లెక్కపెట్టండి, గట్టిగా చదవండి. చివరగా చూపులేని ఒక మిత్రుడికి వినిపించి, 'బాగుందా' అని కాకుండా 'ఏం జరిగింది' అని అడగండి. అతను చెప్పిన కథ, మీరు చూసిన కథ ఒకటైతే వాక్యాలు కుదిరినట్టు.

నా మిత్రుడు ఇప్పుడు కూడా సినిమాలకు వస్తాడు. గది గొల్లుమన్నప్పుడు నా మోచెయ్యి పట్టుకోవడం మాత్రం తగ్గింది. సందు రాగానే నాలుగు ముక్కలు చెవిలో వేస్తాను. అతనూ అందరితో పాటే నవ్వుతాడు.

– ఒక పూర్వ విద్యార్థి